కోట లోపలి మాట బయటికి ఎలా వచ్చింది?

ఫేర్‌వెల్ రోజు హిస్టరీ క్లబ్ కెప్టెన్ చేతికి కాసేపు మైకు ఇవ్వడం మా కాలేజీలో ఆనవాయితీ. టాపిక్ కూడా ఏటా ఒకటే, "చరిత్ర ఇంకా ఎందుకు చదవాలి?" అని. ప్రసంగం కూడా దాదాపు ఏటా ఒకటే ఉంటుంది, ఎవరు చెప్పినా. గతాన్ని మరిచిపోకూడదు, పెద్దల త్యాగాలు, రేపటి భారతం, చప్పట్లు, సమోసా. నాకు ఆ ప్రసంగం నోటికొచ్చు, అందుకే అది చెప్పాలనిపించలేదు. బదులుగా ఒక్క ప్రశ్న పట్టుకున్నాను. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో ఏం జరిగిందో మనకి అసలు ఎలా తెలుసు? మైకు దగ్గర సగం చెప్పేసరికే యాంకర్ పక్కకొచ్చి నిలబడింది, పైగా వెనక బెంచీల వాళ్లు పాపారాయుడి పేరు రాగానే విజిళ్లు మొదలెట్టారు. మిగతా సగంతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

విజయనగరంలో చదువుకునేవాళ్లకి ఈ యుద్ధం గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, అసలు చిక్కంతా అదే. బొబ్బిలి నుంచి వచ్చేవాళ్లకి ఒక కథ, ఇక్కడ కోట చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకి ఇంకో కథ, రాజాం వాళ్లకైతే పూర్తిగా వాళ్ల సొంత కథ. ముగ్గురూ ఒకే హాస్టల్ గదిలో ఉంటే రాత్రి పన్నెండయినా తెమలదు. నేను చూసినంతలో ఈ వాదనల్లో ఎవరూ అబద్ధం చెప్పరు, విన్నదే చెప్తారు. "నువ్వు విన్నది మొదట చెప్పినవాడు ఆ రోజు ఎక్కడ నిలబడి చూశాడు?" అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు. మా క్లబ్‌లో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఈ ఒక్క ప్రశ్న అడగడమే.

ముందు అందరూ ఒప్పుకునే భాగం చెప్పేస్తాను. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ మన తీరం వెంబడి ఉన్న ఉత్తర సర్కారులను ఫ్రెంచి వాళ్లకి ఇచ్చాడు, తన దగ్గర ఉన్న వాళ్ల సైన్యం ఖర్చుకి. 1756లో హైదరాబాదు దర్బారుతో చెడి, మళ్లీ ఎలాగో నిలదొక్కుకున్న ఫ్రెంచి సేనాని బుస్సీ ఆ ఏడాది చివర్లో సర్కారుల మీదకి వచ్చాడు. ఇక్కడ జమీందార్లు పన్ను కట్టడం మానేశారు, వాళ్లని దారికి తెచ్చుకోవాలి. ఆ సమయంలో సైన్యంతో వెళ్లి అతనికి తోడు నిలిచింది విజయనగరం పూసపాటి పెదవిజయరామరాజు. ఆయనకీ బొబ్బిలి రంగారావుకీ చాలాకాలంగా పడదు. జనవరి 24న ఫ్రెంచి సైన్యం, విజయనగరం సైన్యం కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. సాయంత్రానికి కోటలో పోరాడినవాళ్లు దాదాపు అందరూ చనిపోయారు, వాళ్ల ఆడవాళ్లూ పిల్లలూ కూడా చనిపోయారు, అది కూడా సొంతవాళ్ల చేతుల్లోనే. మూడో రాత్రి విజయరామరాజు తన గుడారంలో హత్యకు గురయ్యాడు. ఇంతవరకు పేచీ లేదు.

ఇంతకు మించి మనకి దొరికే వివరాలు, గంటలూ అంకెలూ సహా, ఎక్కువగా ఒక మనిషి పుస్తకం నుంచి వచ్చినవే. పేరు రాబర్ట్ ఓర్మ్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, యుద్ధం జరిగిన రోజుల్లో మద్రాసు కౌన్సిల్లో సభ్యుడు. 1758లో ఇండియా వదిలి వెళ్లిపోయాడు. ఇంగ్లీషు వాళ్లు ఇండియాలో చేసిన యుద్ధాల చరిత్ర రాశాడు, బొబ్బిలి ఘట్టం ఉన్న రెండో సంపుటి 1778లో అచ్చయింది. అంటే యుద్ధం జరిగిన 21 ఏళ్లకి. తర్వాత వచ్చిన కార్‌మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్ (1869) అయినా, ఫ్రాన్సిస్ గెజిటీర్ (1907) అయినా యుద్ధం దగ్గరికి వచ్చేసరికి ఓర్మ్ మీదే ఆధారపడ్డాయి. ఆ గెజిటీర్ చూసి రాసిన వ్యాసాలు, ఆ వ్యాసాలు చూసి రాసిన పాఠాలు, ఇలా లెక్కపెడితే మనకి పది ఆధారాలు కనిపిస్తాయి, తవ్వితే అన్నీ ఒకే బావి నీళ్లు. క్లబ్‌లో కొత్తవాళ్లు మొదట పడే గుంట ఇదే. "ఇన్ని పుస్తకాల్లో ఉంది కదా అక్కా" అంటారు. ఎన్ని పుస్తకాల్లో ఉందన్నది కాదమ్మా, ఒకళ్లని చూసి ఒకళ్లు రాయకుండా విడివిడిగా ఎంతమంది చెప్పారన్నదే లెక్క.

ఓర్మ్ బొబ్బిలిలో లేడు. మరి అతని మాట పట్టించుకోవాలా? పట్టించుకోవాలి, ఎందుకంటే అక్కడ ఉన్నవాళ్లెవరో అతనికి చెప్పారు, ఆ సంగతి అతని వాక్యాల్లోనే దొరికిపోతుంది. ఈ భాగం నాకు చాలా ఇష్టం, కాస్త ఓపికగా చదవండి.

ఓర్మ్ ఏం రాశాడంటే, తెల్లవారుతుండగా ఫిరంగులు కోట నాలుగు మూలల బురుజుల మీద పేలడం మొదలైందట. బురుజుల మీదా గోడల మీదా ఉండే గడ్డి కప్పుకి నిప్పంటుకుంటుందని కోటలోవాళ్లు దాన్ని ముందే పీకేశారట. తొమ్మిది గంటలకల్లా పిట్టగోడలు కొన్ని విరిగాయి, నాలుగు వైపుల నుంచీ ఒకేసారి నిచ్చెనలు వేసుకుని ఎక్కబోయారు. గంటసేపు తంటాలు పడ్డా ఒక్కడూ గోడ దాటలేకపోయాడు. ఇంకో జట్టు, ఇంకో జట్టు. అలసిపోయి ఆగారు. మళ్లీ ఫిరంగులు, మళ్లీ నిచ్చెనలు. పైనున్నవాళ్లు పిట్టగోడ మీదకి ఎక్కి నిలబడి, నిచ్చెన మీద మొదట వచ్చినవాణ్ని పట్టుకుని నిచ్చెనతో సహా పడదోయాలని చూశారు. మధ్యాహ్నం రెండు గంటల దాకా ఒక్క మనిషి కూడా గోడ మీద కాలు నిలపలేకపోయాడు.

ఆ గడ్డి కప్పు సంగతి చూడండి. మట్టి గోడకి వానల్లో కరిగిపోకుండా పైన గడ్డి కప్పుతారు, మన ఊళ్లలో పాత మట్టి ప్రహరీల మీద తాటాకు వేసినట్టు. యుద్ధం గురించి గొప్పగా చెప్పాలనుకునేవాడికి ఈ వివరం అనవసరం, దీనివల్ల ఎవరికీ పేరూ రాదు, చెడ్డపేరూ రాదు. ఇలాంటి పనికిరాని వివరం ఎవడో కళ్లారా చూసి ఉంటేనే కథలోకి వస్తుంది. అలాగే గంటలు. తొమ్మిది, రెండు అని గంటలు గుర్తుపెట్టుకునేది సైన్యంలో అధికారి, గోడ బయట నిలబడి, దాడి ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో చూస్తున్నవాడు. ఓర్మ్ తన చరిత్ర కోసం ఫ్రాన్సు వెళ్లి బుస్సీని కలిసి వివరాలు సేకరించాడు కూడా. కాబట్టి గోడ బయట జరిగిన యుద్ధం విషయంలో ఓర్మ్ మాట చాలావరకు నమ్మొచ్చని నా లెక్క. శత్రువుల ధైర్యాన్ని మెచ్చుకుంటూ రాయడం కూడా దీనికి కలిసొస్తుంది. ఓడినవాళ్లని పొగిడితే గెలిచినవాడి గొప్ప పెరుగుతుందనే మాట ఉన్నా, ఇక్కడ ఒక రోజంతా సుమారు రెండొందల యాభై మంది చేతిలో ఆగిపోయామని ఒప్పుకోవడం ఏ అధికారికీ అంత సరదా పని కాదు.

అంకెల సంగతి కొంచెం తేడా. ఫ్రెంచి సైన్యంలో యూరోపియన్లు 750 మంది, అందులో 250 మంది గుర్రపు దళం. విజయరామరాజు మనుషులు, సిపాయిలు కలిపి 11,000. కోటలో ఆయుధం పట్టినవాళ్లు 250, ఆడవాళ్లూ పిల్లలూ దానికి దాదాపు రెట్టింపు. ఈ మూడు అంకెలూ ఒకే పేజీలో ఒకే ధీమాతో ఉంటాయి, కానీ మూడింటికీ ఒకే విలువ ఇవ్వకూడదు. సొంత సైనికుల లెక్క జీతాల పట్టీలో ఉంటుంది, తప్పితే డబ్బు తేడా వస్తుంది, కాబట్టి 750 గట్టి అంకె. 11,000 అనేది మిత్రుడి సైన్యం, వాళ్లకి జీతం ఇచ్చేది బుస్సీ కాదు, అది చూపు అంచనా. 250 అనేది గోడ అవతల ఉన్నవాళ్ల లెక్క, చివరికి అగ్గిలో కలిసిపోయినవాళ్లది. దాన్ని "సుమారు" అనే మాట లేకుండా ఎక్కడా రాయొద్దని క్లబ్‌లో రూల్ పెట్టాను. ఆడవాళ్లూ పిల్లల అంకె దగ్గరైతే ఓర్మే "దాదాపు" అన్నాడు, తర్వాత రాసినవాళ్లు ఆ "దాదాపు"ని కొట్టేసి 500 చేసేశారు.

ఇక అసలు గొడవ ఎందుకొచ్చింది? ఇక్కడ జాగ్రత్త పడాలి. ఓర్మ్ ప్రకారం రెండు సంస్థానాల భూములు పక్కపక్కనే. బొబ్బిలి వాళ్లు వాగుల నీళ్లు తమ వైపు మళ్లించుకునేవారు, అప్పుడప్పుడు వచ్చి దోచుకుపోయేవారు, విజయరామరాజు ఎదురు దెబ్బ తీయలేకపోయాడు. రంగారావుకేమో విజయరామరాజు అంటే కొత్తగా పైకొచ్చినవాడని చిన్నచూపు. బుస్సీ, బొబ్బిలి వదిలెయ్యి, ఇంకోచోట ఇంతకన్నా పెద్ద జాగా ఇస్తాను అన్నాడు. రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. తర్వాత ఫ్రెంచి సిపాయిల దళం ఒకటి బొబ్బిలి అడవి గుండా అనుమతి తీసుకునే వెళ్తుంటే దాడి జరిగి 30 మంది చనిపోయారు. ఆ కోపంలో బుస్సీ బయలుదేరాడు.

నీళ్ల తగాదా గురించి నాకు అనుమానం లేదు. మన జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా గట్టు గొడవ, గెడ్డ నీళ్ల గొడవ ఇప్పటికీ ఉంటాయి. కథగా చెప్పుకోడానికి కోడిపందెం బాగుంటుంది, మీసం బాగుంటుంది, కానీ చేను ఎండిపోతే వచ్చే పగ తరాలు దాటుతుంది. అడవిలో సిపాయిల మీద దాడి సంగతి మాత్రం వేరు. అది చేయించింది ఎవరు? ఓర్మ్ ఇక్కడ ఒక పని చేశాడు, చాలామంది గమనించరు. విజయరామరాజు కుట్రైనా కావచ్చు, రంగారావు ముందే అనుకుని చేసిందైనా కావచ్చు అని రెండూ పెట్టి వదిలేశాడు. ఆ వెంటనే, జరగబోయే ఘోరం తెలియక బుస్సీ బయలుదేరాడు అన్నాడు. ఈ ముక్క ఎవరి నోటి నుంచి వచ్చి ఉంటుంది? "నాకు తెలీదు, నన్ను నమ్మించారు" అనాల్సిన అవసరం ఆ మొత్తం వ్యవహారంలో ఒక్కరికే ఉంది. విజయరామరాజు అప్పటికే చచ్చిపోయాడు, తన తరఫు చెప్పుకోలేడు. బతికున్నవాడు చచ్చినవాడి మీదకి నెట్టెయ్యడం చరిత్రలో చాలా సులువు. అలాగని బుస్సీ అబద్ధం చెప్పాడని నేను అనను, అది రుజువు చేయలేం. గోడ బయట యుద్ధం విషయంలో మంచి సాక్షి అయినంత మాత్రాన, తన తప్పు విషయంలోనూ మంచి సాక్షి అయిపోడు. మనిషి అదే, నమ్మకం మాత్రం సంగతి సంగతికీ వేరు. కొత్తవాళ్లు "ఓర్మ్‌ని నమ్మాలా వద్దా" అని అడిగితే నేను చెప్పేది ఇదే. మొత్తంగా నమ్మడం, మొత్తంగా కొట్టిపారేయడం, రెండూ బద్ధకమే.

ఇప్పుడు మైకు దగ్గర ఆగిపోయిన చోటికి వస్తాను, పాపారాయుడి దగ్గరికి.

మనందరం విన్నది ఇది. బొబ్బిలి సర్దారు తాండ్ర పాపారాయుడు యుద్ధం రోజు రాజాంలో ఉన్నాడు. కబురు అందేసరికి ఆలస్యమైపోయింది. వచ్చి చూస్తే కోట బూడిద. రాత్రి విజయరామరాజు గుడారంలోకి దూరి, బొబ్బిలి పులినని అరిచి, పొడిచి చంపి, తనూ ప్రాణం తీసుకున్నాడు. ఓర్మ్ చెప్పేది వేరుగా ఉంటుంది. రంగారావు పడిపోవడం చూసిన నలుగురు సైనికులు కోటలోనే ఒక మూల దాక్కున్నారు. బాగా రాత్రయ్యాక గోడ దిగి, భాష ఒకటే కాబట్టి విజయనగరం శిబిరంలోంచి ఎవరికీ అనుమానం రాకుండా నడిచి వెళ్లి పొదల్లో చేరారు. రెండు రోజులు కాచుకున్నారు. తర్వాత ఇద్దరు బయల్దేరి, గుడారం అంచు కిందనుంచి పాకి లోపలికి వెళ్లి పొడిచేశారు. వీళ్లు తప్పితే మిగతా ఇద్దరు వెళ్లాలని ఒట్టు. పేర్లు లేవు. పాపారాయుడు లేడు, రాజాం లేదు.

"ఇంతకీ పాపారాయుడు చంపాడా లేదా, అది చెప్పక్కా" అని ఫేర్‌వెల్ అయ్యాక ఒక జూనియర్ పట్టుకున్నాడు, రాజాం కుర్రాడే. మా మాస్టారు నవ్వి, నువ్వే చెప్పు అన్నట్టు నా వైపు చూశారు. నేను చెప్పింది ఇది.

మొదట, రెండు కథలూ ఎక్కడ కలుస్తున్నాయో చూడు. బొబ్బిలి మనుషులే, రాత్రి, గుడారంలో, యుద్ధం అయిన కొద్ది రోజులకే. ఫ్రెంచి శిబిరం నుంచి వచ్చిన మాటా, ఊళ్లలో పాడుకున్న పాటా ఒకదాన్నొకటి చూసి రాసుకున్నవి కావు. అయినా ఇంత దగ్గరగా కలిశాయంటే ఆ భాగం ఖాయం. తేడా ఎవరు, ఎక్కడి నుంచి అన్న దగ్గరే.

రెండోది, ఓర్మ్‌లో పాపారాయుడి పేరు లేదు కాబట్టి పాపారాయుడే లేడు అనే తెలివి ఈ మధ్య కొందరికి ఎక్కువైంది. ఒక పుస్తకం ఒక పేరు చెప్పలేదంటే, అది ఇంకెవరి పేర్లు చెప్పలేదో చూడాలి. ఓర్మ్ ఆ ఘట్టంలో కోటలోవాళ్లలో రంగారావు పేరు తప్ప ఇంకొకళ్ల పేరు ఎత్తడు. రాణి పేరు లేదు, కొడుకు పేరు లేదు, పిల్లాణ్ని కాపాడినవాడి పేరు లేదు. ఫ్రెంచి వాళ్లకి ఆ పేర్లు తెలీవు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. అందరి విషయంలోనూ మౌనంగా ఉన్న పుస్తకం ఒకడి విషయంలో మౌనంగా ఉంటే దాన్నుంచి ఏమీ తేలదు. మిగతా సర్దార్లందరి పేర్లూ రాసి ఈయనొక్కణ్నే వదిలేసి ఉంటే అప్పుడు అనుమానించాలి.

మూడోది మన కథకి ఎదురు తిరిగేది, విజిళ్లేసిన వాళ్లకి నచ్చకపోవచ్చు. పాడేవాడికి ఒక్క వీరుడు కావాలి. నలుగురు ఊరూపేరూ లేని సైనికుల మీద కథ నిలవదు, జనం ఏడవరు. ఇద్దరు చేసిన పని ఒకడి పేరు మీద చేరడం మౌఖిక కథల్లో మామూలే. కోటలో లేకపోవడానికి కారణం, ఆలస్యంగా వచ్చిన కబురు, చివరి అరుపు, ఇవన్నీ పాటకి చక్కగా అమరేవి. మరీ చక్కగా అమరిన చోట నాకు కొంచెం భయం వేస్తుంది. గడ్డి కప్పులాంటి పనికిరాని వివరం అక్కడ ఒక్కటీ కనిపించదు.

అయితే పేర్ల విషయంలో ఊరి జ్ఞాపకానికి ఉన్న బలం పరాయి అధికారికి ఉండదు. మన బొబ్బిలి కథలో దుబాసీ హైదరు జంగు విజయనగరం డబ్బు తిని బుస్సీని తిప్పేశాడని ఉంటుంది. హైదర్ జంగ్ కల్పన కాదు, బుస్సీ దివాను, 1758లో ఔరంగాబాదులో హత్యకు గురయ్యాడు. లంచం సంగతి రుజువు కాదు గానీ, ఊళ్లవాళ్లకి ఫ్రెంచి ప్రభుత్వం అంటే కనిపించేది బుస్సీ కాదు, మధ్యలో నిలబడి మాట్లాడే ఆ మనిషి. ఓర్మ్ బుస్సీ భుజం మీదనుంచి చూస్తే, పాట కింద నిలబడి పైకి చూసింది. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము మూడో రకం, పద్యకావ్యం. కావ్యంలో యుద్ధ వర్ణనకి కొన్ని కట్టుబాట్లు ఉంటాయి, వాటిని జరిగిన విషయాలుగా తీసుకుంటే దెబ్బతింటాం. ఆ కాలం వాళ్లు దేన్ని పరువుగా అనుకున్నారో తెలుసుకోడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

కాబట్టి నా సమాధానం, హత్య ఖాయం, బొబ్బిలి వాళ్లు చేయడం ఖాయం, వాళ్లకి పాపారాయుడు నాయకుడు అయ్యుండడానికి అడ్డం వచ్చే ఆధారం లేదు, ఒక్కడే చేశాడనడానికి మాత్రం ఆధారం చాలదు. కుర్రాడు కాస్త ముఖం ముడుచుకున్నాడు. పైగా రాజాం 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది, "మమ్మల్ని కలుపుకుని మా వీరుణ్ని తీసేస్తారా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

విజయరామరాజు పోయాక జరిగింది కూడా ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే పాట ఇక్కడితో ఆగిపోతుంది, పరిణామం మాత్రం ఇక్కడే మొదలవుతుంది. తర్వాత గద్దెకి వచ్చిన ఆనందరాజుకి ఫ్రెంచి వాళ్లతో పొసగలేదు. 1758లో విశాఖపట్నం ఫ్రెంచి వాళ్ల నుంచి లాక్కుని, ఇంగ్లీషు వాళ్లని రమ్మని కబురు పెట్టాడు. క్లైవు కలకత్తా నుంచి ఫోర్డ్‌ని పంపాడు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడింది, 1759 ఏప్రిల్లో బందరు పోయింది. సర్కారుల్లో ఫ్రెంచి కథ అంతటితో సరి. బొబ్బిలిలో ఎవరో గుడారం కిందనుంచి పాకకపోయి ఉంటే ఇదంతా జరిగేది కాదని కొందరు రాస్తారు. అంతదూరం నేను పోను, ఫ్రెంచి వాళ్ల డబ్బు కష్టాలు అప్పటికే తీవ్రంగా ఉన్నాయి. బుస్సీకి ఇక్కడున్న ఒక్క గట్టి మిత్రుడు పోయాడు, ఆ ఖాళీలోకి ఇంగ్లీషు వాళ్లు వచ్చారు అనేంతవరకు చెప్పొచ్చు.

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్న. మధ్యాహ్నం రెండు గంటలకి దాడి ఆగినప్పుడు రంగారావు ముఖ్యుల్ని పిలిచి, ఇక కోట నిలవదు, మన ఆడవాళ్లూ పిల్లలూ యూరోపియన్ల చేతుల్లో, అంతకన్నా హీనంగా విజయరామరాజు చేతుల్లో పడకూడదు అన్నాడని ఓర్మ్ రాశాడు. తర్వాత కొందరు కాగడాలూ బల్లేలూ పట్టుకుని ఇళ్లకి నిప్పు పెట్టారు, బయటికి రాబోయినవాళ్లని పొడిచేశారు. మంటలు బయటికి కనిపించాయి. పైన మనుషులు తగ్గారని గమనించిన లా అనే ఫ్రెంచి అధికారి మళ్లీ దాడి చేశాడు, అప్పుడే ఒక బురుజు దొరికింది, రంగారావు తుపాకి గుండుకి పడిపోయాడు. మంటలు, మనుషులు తగ్గడం, బురుజు, గుండు, ఇవన్నీ బయటివాడు చూసినవే. కానీ ఆ సమావేశం? అది గోడ లోపల జరిగింది. అక్కడ ఉన్నవాళ్లలో సాయంత్రానికి బతికి ఎవరున్నారు?

ఓర్మ్ లెక్కలో ప్రాణాలతో బయటపడినవాళ్లు చాలా తక్కువ. దాక్కున్న ఆ నలుగురు ఒక జట్టు, వాళ్లలో ఇద్దరు గుడారం దగ్గరే పోయారు. ఇంకొకడు ఒక ముసలాయన. యుద్ధం అయిపోయాక రంగారావు కొడుకుని చేతుల్లో పెట్టుకుని లా దగ్గరికి వచ్చి, ఈ పిల్లాణ్ని తండ్రి ఇష్టానికి వ్యతిరేకంగా కాపాడానని చెప్పాడట. లా వాళ్లని బుస్సీ దగ్గరికి పంపాడు. రంగారావుకి ఇస్తానన్న భూమికే ఆ పిల్లాణ్ని దొరని చేస్తూ పత్రాలు తయారుచేయమని బుస్సీ చెప్పాడు. ఆ పిల్లాడే తర్వాత చిన్న రంగారావు, ఎన్నో అవస్థలు పడి 1794లో కంపెనీకీ విజయనగరం రాజుకీ జరిగిన పద్మనాభం యుద్ధం తర్వాత బొబ్బిలి తిరిగి పొందాడు.

కాబట్టి కోట లోపలి మాట ఫ్రెంచి వాళ్ల చెవిన పడడానికి తేలిగ్గా కనిపించే దారి ఆ ముసలాయనే. ఆయన తెలుగులో చెప్పాడు, దుబాసీ ఎవరో ఫ్రెంచిలోకి మార్చాడు, ఏళ్ల తర్వాత ఎవరో గుర్తుచేసుకుని ఓర్మ్‌కి చెప్పారు, ఓర్మ్ ఇంగ్లీషులో రాశాడు, మనం మళ్లీ తెలుగు చేసుకున్నాం. అదీగాక దొర మాట కాదని దొర బిడ్డని దాచినవాడు, ఎందుకు దాచాడో సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన స్థితిలో ఉన్నాడు. దొర ఆజ్ఞ ఎంత ఖచ్చితంగా ఉంటే ఈయన చేసిన పని అంత పెద్దది. ఆజ్ఞ నిజంగానే అలా ఇచ్చి ఉండొచ్చు. మంటల గొడవలో ఎవరికి వారు తీసుకున్న నిర్ణయాలు తర్వాత ఒక సభగా, ఒక ప్రసంగంగా మారి ఉండనూ వచ్చు.

వచ్చే జనవరి 24కి క్లబ్ స్కిట్ వేస్తోందని విన్నాను, కొత్త కెప్టెన్ స్క్రిప్టు పంపింది. రంగారావు ఆఖరి ప్రసంగం పేజీన్నర ఉంది, బాగా రాసింది కూడా. పేజీన్నర తీసెయ్యమని చెప్పాను. వినలేదు. చివరికి ఇద్దరం ఒక రాజీకి వచ్చాం. ప్రసంగం ఉంటుంది, కానీ దాన్ని స్టేజీ మీద చెప్పేది రంగారావు పాత్ర కాదు, పిల్లాణ్ని ఎత్తుకున్న ముసలాయన, లా ముందు నిలబడి, పక్కన దుబాసీ అనువదిస్తుండగా. డైలాగు తగ్గాల్సి వస్తుందని తను గొణుగుతోంది, దుబాసీ పాత్రకి మాత్రం ఇంకా ఎవరూ దొరకలేదు.